అత్తయ్య మొక్కుకున్నారు, నాన్న వద్దంటున్నారు

"మాది బాప్టిస్టు కుటుంబం. మావారి వాళ్లు ఆర్‌.సి.ఎం. నా డెలివరీ అప్పుడు పరిస్థితి సీరియస్ అయితే, అత్తయ్య గుణదల మాతకు మొక్కుకున్నారట. బాబు తలనీలాలు అక్కడే ఇస్తానని. ఫిబ్రవరి తిరునాళ్లకు అందరం వెళ్దామంటున్నారు. మా నాన్న మాత్రం అది విగ్రహారాధన, నువ్వు ఆ కొండ ఎక్కితే దేవుడికి ద్రోహం చేసినట్టే అంటున్నారు. మావారు ఏమీ మాట్లాడరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజంగా అది పాపమేనా? నేనేం చేయాలి?"
— ఒక సోదరి, కృష్ణా జిల్లా

అమ్మా, ముందు మొక్కు సంగతి చెబుతాను. మొక్కు మొక్కుకున్న మనిషికే బాధ్యత. క్యాథలిక్ సంఘ చట్టంలోని 1193వ సూత్రం ఇదే చెబుతుంది. అంటే మీ అత్తగారి మొక్కు మిమ్మల్ని గానీ బాబుని గానీ కట్టిపడేయదు. దాన్ని అంతకు సమానమైన మరో మంచి పనిగా మార్చుకునే వీలు ఆవిడకే ఉంది. తగిన కారణం ఉంటే విచారణ గురువులు ఆ మొక్కు నుంచి విడుదల కూడా ఇవ్వవచ్చు. "మొక్కు తీర్చకపోతే బాబుకి ఏమవుతుందో" అనే భయం ఇంట్లో ఎవరికైనా ఉంటే, ఆ భయం క్యాథలిక్ బోధ నుంచి వచ్చింది కాదు. ఫాదర్ గారి చేతే ఆ మాట చెప్పించండి. ఆవిడ మనసు కుదుటపడటానికి మీ మాట కంటే ఆయన మాటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇక మీ నాన్నగారి మాట. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు, కానీ మీ అత్తగారికి అన్వయించినప్పుడు పూర్తిగా సరిపోదు.

ఆవిడ రోజూ చెప్పే జపమాలలో మరియమ్మ ప్రార్థనను ఒకసారి శ్రద్ధగా వినండి. మొదటి సగం లూకా సువార్త మొదటి అధ్యాయంలో దేవదూత, ఎలీసబెతు చెప్పిన పలుకులే. వాటి మీద మీ నాన్నగారికీ అభ్యంతరం ఉండదు. గొడవంతా రెండో సగంతోనే. అందులో పాపులమైన మా కోసం ఇప్పుడూ, మా మరణ సమయంలోనూ ప్రార్థించమని ఆమెను అడుగుతారు. ఇప్పుడున్న రూపంలో ఈ భాగం 1568లో రోమ్ ప్రచురించిన ప్రార్థన గ్రంథంతో స్థిరపడింది. అడిగేది ప్రార్థన సాయం. ఆరాధన దేవునికే, మరియమాతకూ పునీతులకూ గౌరవమే అన్న తేడాను 787లో నైసియాలో జరిగిన మహాసభ స్పష్టం చేసింది. స్వరూపానికి, అంటే విగ్రహానికో పటానికో, చూపే గౌరవం ఆ స్వరూపం ఎవరిదో వారికి చెందుతుందనీ ఆ సభ అంది. స్వరూపంలోనే ఏదో శక్తి ఉందని నమ్మకూడదని 1563లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ హెచ్చరించింది. ఆర్థడాక్స్ సంఘాలు కూడా 787 నాటి తీర్మానం మీదే నిలబడి ఉన్నాయి. వారు సాధారణంగా శిల్పాలు పెట్టరు, ఐకాన్ అనే పటాలను ముద్దు పెట్టుకుని గౌరవిస్తారు. మరియమ్మను దేవమాత అని మనసారా పిలుస్తారు గానీ, ఆమె జన్మపాపం లేకుండా గర్భంలో పడిందని రోమ్ 1854లో ప్రకటించిన సిద్ధాంతాన్ని తమ సిద్ధాంతంగా ఒప్పుకోరు.

మరి ప్రొటెస్టెంట్ల అభ్యంతరం ఎక్కడుంది? చాలామంది విగ్రహం దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు ప్రశ్న అది కాదు. చనిపోయిన వారిని సాయం అడగవచ్చా అన్నదే అసలు ప్రశ్న. "పాస్టరమ్మ గారూ, మా కోసం ప్రార్థన చేయండి" అని మీరు అడుగుతారు కదా, మరియమ్మను అడగడమూ అలాంటిదే అంటారు క్యాథలిక్కులు. దీనికి ప్రొటెస్టెంట్ల జవాబు గట్టిదే. పాస్టరమ్మ గారు ఎదురుగా ఉన్నారు, మన మాట ఆవిడకు వినిపిస్తుంది. పరలోకంలో ఉన్నవారికి వేలమంది మాటలు ఒకేసారి వినిపిస్తాయని గానీ, అలా అడగమని గానీ లేఖనంలో ఎక్కడుంది? ప్రకటన గ్రంథం 5:8లో పెద్దలు పరిశుద్ధుల ప్రార్థనలను ధూపంగా అర్పించడం కనిపిస్తుంది. కానీ ఆ ప్రార్థనలు పెద్దలకే చేసినవని అక్కడ లేదు. క్యాథలిక్కులు చూపించే మరో వాక్యం మక్కబీయుల రెండో గ్రంథం 15వ అధ్యాయంలో ఉంది. అక్కడ ఎప్పుడో చనిపోయిన యిర్మీయా ప్రజల కోసం ప్రార్థిస్తున్నట్టు ఒక దర్శనం వస్తుంది. ఆ గ్రంథం మీ నాన్నగారి బైబిల్లో లేదు. వాదన ప్రతిసారీ అక్కడికక్కడే తిరగడానికి ఇదొక కారణం. ఇద్దరి చేతుల్లో ఉన్న పుస్తకమే ఒకటి కాదు.

దీని పైన తిమోతికి రాసిన మొదటి పత్రిక 2:5 ఉంది. దేవునికీ నరులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే. 1530 నాటి లూథరన్ విశ్వాస ప్రకటన సరిగ్గా ఇక్కడే గీత గీసింది. పునీతులను తలుచుకుని వారి విశ్వాసాన్ని అనుసరించవచ్చు, కానీ వారిని వేడుకోమని లేఖనం బోధించదు అంది. మరియమ్మ పాట మీద 1521లో ఎంతో ప్రేమతో వ్యాఖ్యానం రాసిన లూథర్ అనుచరుల మాట ఇది. ఆమెను తక్కువ చేయడం వారి ఉద్దేశం కాదు. ఇప్పటి రోమ్ కూడా ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంది. మరియమ్మను "సహ విమోచకురాలు" అని పిలవడం తగదని 2025 నవంబరులో వాటికన్ నోట్ విడుదల చేసింది.

ఇప్పుడు మీ నాన్నగారి భయం ఎక్కడ నిజమవుతుందో చెబుతాను. "మా కోసం ప్రార్థించు" అనేది కాస్తా "నువ్వే ఇవ్వాలి, ఇస్తే జుట్టు ఇస్తాను" అనే బేరంగా మారినప్పుడు, లేదా ఇంట్లో స్వరూపం పగిలిందని కీడు శంకించినప్పుడు, క్యాథలిక్ బోధ గీసిన హద్దే దాటిపోయినట్టు. మన ప్రాంతంలో ఇలా జరుగుతుంది, దాచనక్కర్లేదు. మీ అత్తగారు ఏం కోరుకున్నారో, ఎవరు బాగు చేశారని నమ్ముతున్నారో ప్రేమగా అడగండి. "తల్లి ప్రార్థించింది, దేవుడు కాపాడాడు" అంటే ఒక సంగతి. "తల్లే కాపాడింది, మొక్కు చెల్లించకపోతే ఊరుకోదు" అంటే ఫాదర్ గారితో మాట్లాడాల్సిన సంగతి.

వెళ్లాలా వద్దా? గుణదల వెళ్లడం, జపమాల చెప్పడం క్యాథలిక్కులకే తప్పనిసరి కాదు. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఆ తిరునాళ్లకు మూలమైన 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో మరియమ్మ కనిపించిందని చెప్పే దర్శనాలను నమ్మి తీరాలని కూడా వారి సంఘం శాసించదు. కాబట్టి మీకు ఆ ఒత్తిడి అక్కర్లేదు. నా సలహా ఏమిటంటే, మనసు ఒప్పుకుంటే అత్తగారికి తోడుగా వెళ్లండి. స్వరూపం ముందు మోకరించకండి, కొవ్వొత్తి వెలిగించకండి, ఆ ప్రార్థన మీ నోట చెప్పకండి. మిమ్మల్నీ బాబునీ బతికించిన దేవుడికి మీకు అలవాటైన మాటల్లో కృతజ్ఞత చెప్పుకోండి. కొండ ఎక్కడమే విగ్రహారాధన కాదు. అయితే వెళ్లాక మీ మనస్సాక్షి మిమ్మల్ని పొడుస్తూనే ఉంటుందనిపిస్తే వెళ్లకండి. బాబుని ఇంట్లో ఉంచి, అత్తగారు తన కృతజ్ఞత తాను చెల్లించి రావచ్చు. తలనీలాల నిర్ణయం తల్లిదండ్రులుగా మీ ఇద్దరిది.

అందుకే మీవారు మౌనంగా ఉండటం నాకు నచ్చలేదు. మొక్కు కంటే పెద్ద ప్రశ్న బాబు బాప్తిస్మం. సంఘ అనుమతితో మిశ్రమ వివాహం జరిగి ఉంటే, పిల్లలకు క్యాథలిక్ జ్ఞానస్నానం ఇప్పించడానికి తన వంతు ప్రయత్నం చేస్తానని ఆయన మాట ఇచ్చి ఉండాలి. ఆ సంగతి మీకూ తెలియజేసి ఉండాలి. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి ఆ గొడవ మీ ఇంటికి ఎలాగూ వస్తుంది. తిరునాళ్లు రాకముందే ఇద్దరూ కూర్చుని, పెళ్లినాడు ఏ కాగితం మీద సంతకం పెట్టారో బయటకు తీసి మాట్లాడుకోండి. తర్వాత మీ నాన్నగారికి మీరొక్కరే కాక మీవారితో కలిసి వెళ్లి చెప్పండి. అత్తగారికి చెప్పాల్సింది మాత్రం ఆవిడ కొడుకే చెప్పాలి.