మ, బొ, ఎ: చిట్టి వ్యాసం మార్జిన్‌లో నేను రాసిన అక్షరాలు

చిట్టీ,

నీ వ్యాసం ఫోన్లో ఒకసారి, ప్రింటు తీయించి ఇంకో రెండుసార్లు చదివాను. అమ్మమ్మతో పర్లాకిమిడి బస్టాండుకి వెళ్ళిన రోజు గురించి తొమ్మిది పేరాలు. "బావుందో లేదో చెప్పు చాలు పెదనాన్నా" అన్నావు. అలా చెప్పను. బావుందన్నా బాలేదన్నా, రేపు నువ్వు కాగితం ముందు కూర్చుంటే ఏ వాక్యం మీద చెయ్యి వెయ్యాలో తెలీదు కదా. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల వ్యాసాలు దిద్ది, ఆ తర్వాత నా రాతలు నేనే దిద్దుకుంటూ కుదుర్చుకున్న పద్ధతి ఒకటుంది, అది చెప్తాను.

ప్రింటు తీసేటప్పుడు ఎడమవైపు నాలుగు వేళ్ళ మార్జిన్ వదులు. రాసిన రోజే మొదలుపెట్టకు, ఒక వారం పక్కన పెట్టు. లేకపోతే కాగితం మీద లేనిది కూడా నీ తలలోంచి వచ్చి ఉన్నట్టే కనపడుతుంది. తర్వాత ఒక్కో పేరాకీ మూడు ప్రశ్నలు. ఇక్కడ నీ మనసుకి ఏమైంది? చూపించిన బొమ్మ ఏది? ఇంతకు ముందు తెలియంది ఏం తెలిసింది? దొరికితే మార్జిన్‌లో మ, బొ, ఎ అని రాసుకో. ఎ అంటే ఎరుక. మూడూ ఒకేసారి వెతక్కు, కళ్ళు మోసం చేస్తాయి. మొత్తం వ్యాసం మనసు కోసం ఒకసారి, బొమ్మ కోసం ఒకసారి, ఎరుక కోసం ఒకసారి చదువు.

అసలు చిక్కు ఎక్కడో నీ నాలుగో పేరాతో చూపిస్తాను. నువ్వు రాసింది ఇది: "బస్టాండులో అమ్మమ్మకు ఒడియా బోర్డు చదవడం రాలేదు. ఆమె పడిన ఇబ్బంది చూసి నాకు చాలా బాధ కలిగింది. మనిషికి భాష ఎంత అవసరమో ఆ రోజు తెలిసింది."

పైపైన చూస్తే మూడూ ఉన్నాయి. బాధ ఉంది, బోర్డు ఉంది, తెలిసింది అనే మాట కూడా ఉంది. నువ్వు టిక్కు పెట్టేసుకునే ఉంటావు. అందుకే నేను ప్రతిదానికీ ఒక చిన్న పరీక్ష పెడతాను.

మనసుకి పరీక్ష: బాధ, సంతోషం, చాలా, ఎంతో లాంటి మాటలన్నీ పెన్సిలుతో కొట్టెయ్యి. కొట్టేశాక కూడా చదివేవాడికి ఏదో తగిలితే మ ఉన్నట్టు. నీ పేరాలో కొట్టేస్తే మిగిలింది బోర్డు, అమ్మమ్మ, అంతే. బొమ్మకి పరీక్ష: మీ తమ్ముడికి పేరా చదివి వినిపించి గీయమను. "ఇబ్బంది"ని వాడు ఎలా గీస్తాడు? ఎరుకకి పరీక్ష: ఆ వాక్యాన్ని పీకి ఇంకెవరి వ్యాసంలోనో అతికించు. చెన్నై వెళ్ళి దారి తప్పినవాడి వ్యాసంలో కూడా నీ వాక్యం చక్కగా అతుకుతుంది. అంటే అది అమ్మమ్మ దగ్గర దొరికింది కాదు, నువ్వు ఇంటి నుంచి పట్టుకెళ్ళింది.

మొన్న ఫోన్లో అడిగాను గుర్తుందా, ఆ క్షణంలో అమ్మమ్మ చేతులు ఏం చేస్తున్నాయి అని? నువ్వు కాసేపు ఆగి, కొంగు ముడి విప్పుతోంది అన్నావు. ఆ తర్వాత ఒక్కొక్కటీ వాటంతటవే వచ్చాయి. బోర్డు నువ్వు పైకి చదివావనీ, పక్కవాళ్ళు తిరిగి చూశారనీ. నువ్వు చెప్పిన మాటలనే వరసలో పెడితే ఇలా వచ్చింది:

"గుణుపురం బోర్డు ఒడియాలో ఉంది. నేను పైకి చదివాను, పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. అమ్మమ్మ బోర్డు వైపు చూడనేలేదు. కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకుంటూ, ఆ కండక్టరు గొంతు నాకు తెలుసే, పదేళ్ళ నుంచీ ఈ బస్సు వాడిదే, అంది. అంత గట్టిగా ఎవరికి వినిపించాలని చదివానో బస్సెక్కాక అర్థమైంది."

చూశావా, నీకు కలిగింది బాధ కాదు, సిగ్గు. ఆ మాట ఎక్కడా లేదు, అయినా తగులుతోంది. మొదటిసారి రాసేటప్పుడు మనం మర్యాదగా ఉండే భావాన్నే రాస్తాం. బాధ మర్యాదైంది, ఎవరూ తప్పు పట్టరు. పెన్సిలు దెబ్బకి అది పోయాకే కింద ఉన్నది బయటపడుతుంది. ఎరుక కూడా మారిపోయింది, గమనించు. ఇబ్బంది పడింది అమ్మమ్మ కాదు, ఆవిడకి బస్సు పట్టుకునే దారి ఆవిడకుంది. ఆ చివరి వాక్యం చెన్నైవాడి వ్యాసంలో అతకదు.

ఏడో పేరాలో "హృదయం ద్రవించింది" అని ఉంది. మన ఊళ్ళోనే పంతులుగా పనిచేసి వాడుక భాషలో రాయమని అంత పోట్లాడిన గిడుగు రామమూర్తి గారి ముందు ఈ మాట చదివే ధైర్యం నీకుందా? సరదాకే అంటున్నాలే. కానీ ఇలాంటి మాట ఎక్కడ కనపడినా అక్కడ మ లేదనే లెక్క వేసుకో. నువ్వు ఫోన్లో ఎప్పుడైనా ద్రవించావా?

ఇక మూడో పేరా. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931కి గుణుపురం దాకా వెళ్ళింది, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు కలిసింది. మార్జిన్‌లో ఒక్క అక్షరం కూడా పడలేదు. అక్షరం పడని పేరాలన్నీ కొట్టెయ్యనక్కర్లేదు, సమాచారం చెప్పే పేరాకి మూడూ ఉండాలని నేననను. అది పక్క పేరాకి పని చేస్తోందా అన్నదే చూస్తాను. ఇంట్లోనూ వీధిలోనూ తెలుగు వినపడే ఊళ్ళో బోర్డు ఒడియాలో ఎందుకుందో 1936 చెప్తుంది, కాబట్టి అది ఒక వాక్యంగా నాలుగో పేరా ముందు ఉండాలి. రైలు తీసెయ్. నాకూ ఆ రైలంటే ఇష్టమే, కానీ నీ అమ్మమ్మ ఆ రోజు ఎక్కింది బస్సు.

ఒక జాగ్రత్త, ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మా నాన్న గురించి రాసినప్పుడు ప్రతి పేరాలోనూ మూడూ ఉండి తీరాలని పట్టుబట్టాను. చదివిన స్నేహితుడు, "ప్రతి పేరా చివరా హారతి గంట కొడుతున్నావేంట్రా" అన్నాడు. నిజమే, ప్రతిదాని చివరా ఒక ఎరుక. అందుకని పేరాలన్నీ అయ్యాక మార్జిన్‌ని మాత్రం పైనుంచి కిందకి చదువు. ఒక్కో పేరాకి రెండు అక్షరాలుంటే చాలు. ఎ మూడు నాలుగు చోట్లకి మించితే కొన్ని తీసెయ్, బొమ్మే ఆ పని చేస్తుంది. ఉన్న ఎ లు ఒకే మాట తిప్పి తిప్పి చెప్తున్నాయేమో కూడా చూసుకో. నీ నాలుగో పేరాలో నీ గురించి తెలిసింది. ఎనిమిదో పేరాలో మళ్ళీ అదే ఉంది, "గర్వపడకూడదని తెలిసింది" అంటూ. అక్కడికి అమ్మమ్మ గురించి ఏదో తెలియాలి, లేదా ఆ వాక్యం పోవాలి. తిరుగు ప్రయాణంలో ఆవిడ నీకు కిటికీ సీటు ఇచ్చిందని రాశావే, నాకైతే అక్కడే ఏదో ఉందనిపిస్తోంది. ఆవిడ ఏమైనా అందా, ఊరుకుందా? గుర్తు చేసుకో.

నేను నాలుగో పేరా మాత్రమే ముట్టుకున్నాను, మిగతా ఎనిమిదీ నీవి. వచ్చే ఆదివారం వస్తాను, ప్రింటు తీసి ఉంచు. పెన్ను కాదు, పెన్సిలు.

పెదనాన్న