లింక్ ప్రైవేట్‌గా ఉండిపోయింది, నాన్నేమో నమ్మట్లేదు

"అక్కా, నేను డిగ్రీ సెకండియర్. ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం గూగుల్ డాక్స్‌లో రాసి, గడువుకి ఒకరోజు ముందే లింక్ సబ్మిట్ చేశా. ఇప్పుడు మార్కులు చూస్తే 20కి సున్నా, పక్కన 'ఫైల్ ఓపెన్ కాలేదు' అని ఉంది. లింక్ ప్రైవేట్‌లో ఉండిపోయిందంట. నా ఫోన్లో మాత్రం బానే ఓపెన్ అవుతోంది. మేడమ్‌ని అడగాలంటే భయం. నాన్నేమో అసలు నువ్వు చేసుండవు, అందుకే ఈ కథలన్నీ అంటున్నారు. మూడ్రోజులుగా ఏడుస్తూనే ఉన్నా."

చూడమ్మా, ముందు ఒక పని చెయ్యకు. ఆ ఫైల్ ఓపెన్ చేసి ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. స్పెల్లింగ్ తప్పు కనిపించినా, ఫోటో పక్కకి జరిగినట్టు అనిపించినా అలాగే వదిలెయ్. ఎందుకంటే అచ్చం నీలాగే ఇరుక్కున్న ఒక కుర్రాడు ఏం చేశాడో నేను దగ్గర్నుంచి చూశా.

వాడు కూడా టైమ్‌కే సబ్మిట్ చేశాడు. సున్నా చూడగానే గుండె జారిపోయి, సార్ ఇప్పుడు ఓపెన్ చేస్తారేమో, చేస్తే బాగుండాలి కదా అని అర్ధరాత్రి కూర్చుని రెండు పేరాలు సరిచేశాడు, ముగింపు ఇంకాస్త రాశాడు, ఆ తర్వాత లింక్ అందరికీ తెరిచాడు. పొద్దున సార్ వాడి చేతే Version history, అంటే ఫైల్‌లో ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చూపించే జాబితా, తెరిపించి చూస్తే పైనే గడువు దాటిన ఆరు రోజులకి చేసిన మార్పులు కనిపించాయి. పాపం వాడు దొంగపని ఏం చెయ్యలేదు, కానీ సార్‌కి వచ్చిన మొదటి అనుమానం "గడువు తర్వాత రాసి, లింక్ సాకు చెప్తున్నాడా" అని. తర్వాత వాడు పాత వెర్షన్ ఒక్కొక్కటీ నొక్కి, గడువుకి ముందు రోజు రాత్రికే రిపోర్ట్ తొంభై శాతం పైగా అయిపోయిందని చూపించాడు, సార్ ఆ పాత వెర్షన్‌నే దిద్దారు. 20కి 16 వచ్చాయి, లేటు కింద 4 తీసేసి 12 వేశారు. ముట్టుకోకుండా వెళ్లుంటే మొదటి మాటలోనే తేలిపోయేది, వారం రోజులు అంత నలిగేవాడు కాదు.

నీ ఫోన్లో ఎందుకు ఓపెన్ అవుతోందంటే, ఆ ఫైల్ నీదే, నీ అకౌంట్‌తోనే లాగిన్ అయి ఉన్నావ్. ఓనర్‌కి తాళం ఎప్పుడూ కనిపించదు, అందుకే ఎంత జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు. కొత్త డాక్యుమెంట్ మామూలుగా Restricted లోనే మొదలవుతుంది, లింక్ కాపీ చేసినంత మాత్రాన అది మారదు. అవతల మేడమ్‌కి కనిపించేది మాత్రం Request access అన్న బటన్ ఉన్న ఖాళీ పేజీ. ఆవిడ అది నొక్కుంటే నీకు మెయిల్ వచ్చుంటుంది, ఏ అకౌంట్‌తో ఫైల్ చేశావో ఆ మెయిల్లో, స్పామ్‌లో కూడా వెతుకు. మెయిల్ దొరికి నువ్వు చూడలేదంటే అది దాచకు, నువ్వే ముందు చెప్పెయ్. ఆ కుర్రాడికి కూడా వచ్చింది, ఎప్పుడూ తెరవని కాలేజీ మెయిల్లో నాలుగు రోజులు పడుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. Share నొక్కి General access దగ్గర Restricted తీసి Anyone with the link పెట్టు, పక్కన Viewer ఉండాలి. దీనివల్ల ఫైల్ లోపల రాసింది ఏదీ మారదు, కాబట్టి భయం లేదు. తర్వాత ఆ లింక్‌ని ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే ఏ అకౌంట్ లాగిన్ లేకుండా, ఓపెన్ చేసి చూడు. అక్కడ రిపోర్ట్ కనిపిస్తేనే నిజంగా తెరుచుకున్నట్టు. కాలేజీ అకౌంట్‌తో చేసిన ఫైల్ అయితే ఒక్కోసారి కాలేజీ వాళ్లకి మాత్రమే అన్న ఆప్షన్ ఒక్కటే వస్తుంది, అలాంటప్పుడు మేడమ్ మెయిల్ ఐడీనే విడిగా యాడ్ చెయ్యాలి.

ఇంకోటి, చాలామందికి తెలీదు. Viewer గా చూసేవాళ్లకి Version history కనిపించదు, ఎడిట్ చేసే హక్కు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. అందుకే "మేడమ్, హిస్టరీ చూడండి" అని లింక్ పంపేసి ఊరుకుంటే ఆవిడకి ఏం దొరకదు. మేడమ్ ఐడీని Editor గా యాడ్ చెయ్, లేదా నీ ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి File లో Version history, అందులో See version history తెరిచి నువ్వే చూపించు. ఫైల్‌ని కాపీ చేసి ఆ కాపీని మాత్రం పంపకు, కాపీకి పాత చరిత్ర రాదు, ఇవాళే పుట్టిన ఫైల్‌లా కనిపిస్తుంది.

మేడమ్‌కి రాసేది చిన్నగా ఉండాలి, ఏడుపులు, ఇంట్లో గొడవలు అందులో వద్దు. ఇలా రాయి: "మేడమ్, రిపోర్ట్ గడువుకి ముందు రోజే సబ్మిట్ చేశాను, కానీ లింక్ పర్మిషన్ మార్చడం మర్చిపోయాను, అది నా తప్పే. ఫైల్‌లో గడువు తర్వాత ఏ మార్పూ చెయ్యలేదు, Version history లో అది కనిపిస్తుంది, మిమ్మల్ని Editor గా యాడ్ చేశాను. లేట్ కింద మార్కులు తగ్గించినా పర్లేదు, ఒకసారి దిద్దగలరా?" అంతే. లేటు మార్కులు తీసుకోడానికి నువ్వే సిద్ధమంటే, ఆవిడ రూల్ పక్కన పెట్టక్కర్లేదు కాబట్టి ఒప్పుకోవడం తేలికవుతుంది. కొన్నిచోట్ల ఓపెన్ కాని లింక్ అంటే సబ్మిట్ చెయ్యనట్టే అని ముందే రాసుంటుంది, అప్పుడు మేడమ్ చేతిలో కూడా ఏం ఉండకపోవచ్చు, ఆ సంగతి తెలిసే వెళ్లు. రేపే వెళ్లు, మార్కులు ఫైనల్‌గా ఎక్కించేశాక మార్చడం ఆవిడకే కష్టం.

ఇక నాన్న. మూడ్రోజులుగా ఆయనకి మాటలతో చెప్తున్నావ్, ఆయనకి లింకు, పర్మిషను అంటే అర్థమయ్యే విషయాలు కావు. ఆయనకి కనిపించింది సున్నా ఒక్కటే, ఆ సున్నా చూసి నాన్నకి భయమేసింది, భయం కోపంగా బయటకొచ్చింది అని నాకనిపిస్తోంది. అయినా చెయ్యలేదని అనెయ్యడం తప్పే, నీకు నొప్పి కలగడంలో వింతేం లేదు. కానీ ఈసారి వాదించకు. ఆయన తిని కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు పక్కన కూర్చుని అదే హిస్టరీ తెరువు, కిందనుంచి పైకి రా. మొదటిరోజు ఒక్క టైటిలే ఉంటుంది, ఆ తర్వాత ఏ తేదీన, రాత్రి ఎన్నింటికి ఏ పేజీ రాశావో అన్నీ వరసగా, నువ్వు కొత్తగా రాసిన వాక్యాలు వేరే రంగులో కనిపిస్తాయి. "ఇది ఆ రోజు నాన్నా, నువ్వు లైట్ ఆర్పేసి పడుకోమన్నావ్ చూడు, ఆ రాత్రి" అని చెప్పు. ఆయన్ని కూడా స్క్రోల్ చెయ్యనివ్వు. చివర్లో "పర్మిషన్ చూసుకోకపోవడం మాత్రం నా పొరపాటే" అని నువ్వే అను, మేడమ్ దగ్గరికి రేపు ఎన్నింటికి వెళ్తున్నావో కూడా చెప్పు.