కప్పు ఎవరిదనే పందెంలో పెద్ద రేటు వెనక లెక్క

"అన్నా, ఐపీఎల్ మొదలవకముందే కప్పు ఎవరిదని పందెం పెడితే చిన్న టీమ్‌కి 21 రెట్లు ఇస్తున్నారు. వెయ్యి పోతే పోయింది, తగిలితే ఇరవై ఒక్క వేలు. బీటీఎమ్‌లో మా రూమ్‌లో అందరూ పెడదామంటున్నారు. ఇందులో మోసం ఏమైనా ఉందా?"

తమ్ముడూ, బెంగళూరులోనే ఒక ఆఫీసులో కొన్నాళ్లు విదేశీ బుక్‌మేకర్ కోసం ఈ రేట్లు లెక్కగట్టే టీమ్‌లో పనిచేశాను. మోసం అనక్కర్లేదు, అంతా స్క్రీన్ మీదే ఉంటుంది. కూడి చూసేవాళ్లే ఉండరు.

ముందు ఒక్క మ్యాచ్ రేటు చూడు. సమానమైన రెండు టీమ్‌లకి చెరో 1.90 ఇస్తారు. 100ని 1.90తో భాగిస్తే 52.6. రెండూ కలిపితే 105.2. అంటే ఎవరు గెలిచినా 100 రూపాయలు చేతికి రావాలంటే నువ్వు 105 పెట్టాలి. ఆ పైన ఉన్న అయిదే వాళ్ల మార్జిన్.

ఇప్పుడు కప్పు బోర్డుకి వద్దాం. ఉదాహరణకి పది టీమ్‌ల రేట్లు ఇలా ఉన్నాయనుకో: 4.5, 5, 6, 7, 8, 9, 10, 12, 15, 21. ఒక్కోదానితో 100ని భాగించి కూడు. దాదాపు 126.5 వస్తుంది. కప్పు గెలిచేది ఒక్క టీమే, అసలు అవకాశాలన్నీ కలిపితే 100కి మించవు. మ్యాచ్‌లో 5 ఉన్న అదనం ఇక్కడ 26 దాటింది. ఒక్కో టీమ్ రేటులో కొంచెం కొంచెం కోశారు కాబట్టి విడిగా చూస్తే కంటికి ఆనదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఆ కోత అందరి మీదా సమానంగా పడదు. మా షీట్‌లో ఒక కాలమ్‌లో మోడల్ లెక్కగట్టిన అవకాశం, పక్క కాలమ్‌లో బయటికి పెట్టే రేటు ఉండేవి. పై వరుసల్లో రెండూ దగ్గరగానే ఉంటాయి. ఫేవరెట్‌కి 20 శాతం అవకాశం ఉందంటే సరైన రేటు 5, మేం పెట్టేది 4.5. చివరి వరుసలో మోడల్ 2 శాతం అంటుంది, అంటే సరైన రేటు 50. మా సీనియర్ అక్కడ 21 కొట్టేసి కిందికి వెళ్లిపోయేవారు. 4.5 బదులు 4 పెడితే జనం వెంటనే పట్టేస్తారు, వేరే చోటికి పోతారు. 50 రావాల్సిన చోట 21 పెడితే ఎవరూ అడగరు, ఎందుకంటే 21 కూడా పెద్దగానే కనిపిస్తుంది.

దీన్ని రూపాయల్లో చూడు. ఫేవరెట్ మీద వెయ్యి పెడితే సగటున 900 వెనక్కి వస్తుంది. ఆ చివరి టీమ్ మీద వెయ్యి పెడితే 2 శాతం ఇంటూ 21 వేలు, అంటే 420. పెట్టిన క్షణమే 580 పోయినట్టు. పైగా 2 శాతం అంటే సగటున యాభై సీజన్లకి ఒకసారి. 2008లో మొదలైన ఐపీఎల్‌కి 2025 నాటికి అయినవి 18 సీజన్లే.

బుక్‌మేకర్ వైపు నుంచి దీనికి కారణం ఉంది. మ్యాచ్ రేటు కొన్ని గంటల్లో తేలిపోతుంది. కప్పు రేటు రెండు నెలలు బోర్డు మీద నిలబడాలి. ఈలోగా ఒక బౌలర్ గాయం సంగతి బుక్‌మేకర్ కంటే ముందు ఎవరికైనా తెలిస్తే, వాళ్లు పాత రేటుకే పెట్టేస్తారు. పెద్ద రేటులో చిన్న తప్పు కూడా చాలా ఖరీదు. 2 శాతం అనుకున్నది నిజానికి 4 శాతమైతే సరైన రేటు సగానికి పడిపోతుంది. ఆ భయానికి కూడా డబ్బు నువ్వే కడతావు.

"మరి లెస్టర్ సిటీ?" అని మీ రూమ్‌లో ఎవరో ఒకరు అంటారు. నిజమే, 2015-16లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌కి ముందు ఆ క్లబ్‌కి 5000కి 1 ఇచ్చారు, అది గెలిచింది. కానీ పెట్టిన వాళ్లలో కొందరు సీజన్ మధ్యలోనే క్యాష్ అవుట్ చేసేసుకున్నారు, అంటే ఫలితం తేలకముందే టికెట్‌ని బుక్‌మేకర్‌కే తిరిగి అమ్మేశారు. అక్కడ ఇంకో కోత ఉంటుంది. నీ 21 టీమ్ ప్లేఆఫ్స్‌కి చేరి, దాని అవకాశం మూడింట ఒకటి అయిందనుకో. నీ ఇరవై ఒక్క వేల టికెట్ విలువ ఏడు వేలు. క్యాష్ అవుట్ బటన్ మీద అంతకంటే తక్కువే కనిపిస్తుంది, ఆరు వేలు అనుకో. ఒకే టికెట్ మీద రెండుసార్లు కోత.

టాప్ స్కోరర్ పందేలు ఇంకా అధ్వాన్నం. జాబితాలో లేని బ్యాటర్ కూడా గెలవొచ్చు కాబట్టి, కనిపించే పేర్లు కూడితే వచ్చే అంకె కంటే అసలు మార్జిన్ ఎక్కువ.

ఇంకో మాట. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేలని నిషేధించింది. కాబట్టి మీవాళ్లు చూపిస్తున్న సైట్ బయటి దేశానిదే అయుండాలి. అక్కడ టికెట్ తగిలాక డబ్బు ఇవ్వకపోతే ఫిర్యాదు చేయడానికి ఇక్కడ నీకు చోటు ఉండదు.