పుస్తకంలో ఒకటి, డబ్బాలో మరొకటి

ప్రశ్న: నా 150 సీసీ బైకు ఇంకా వారంటీలోనే ఉంది. పుస్తకంలో 10డబ్ల్యు-30 ఆయిల్ అని చూసి దుకాణానికి వెళ్లాను. కంపెనీ ఆయిల్ లేదు, ఇదీ అదే గ్రేడు అని వేరే డబ్బా ఇచ్చారు. అక్కడి మెకానిక్కే పోశాడు. నెల తిరగకముందే క్లచ్ జారుతోంది. అది స్కూటర్ ఆయిల్ అని, వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ వాళ్లు అంటున్నారు. దుకాణదారుడిపై కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వేయవచ్చు. కేసు ఎంత గట్టిగా నిలుస్తుందన్నది మాత్రం మీరు దుకాణంలో ఏమని అడిగారన్న దాన్నిబట్టి ఉంటుంది.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు వస్తువు ఏ అవసరానికో చెప్పి అమ్మేవాడి అనుభవాన్ని నమ్ముకుంటే, ఆ వస్తువు ఆ అవసరానికి పనికొచ్చేదిగా ఉండాలి. బిల్లులో రాయకపోయినా ఇది ఒప్పందంలో భాగమే. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఫలానా బ్రాండు డబ్బా ఒకటి ఇవ్వమని పేరు పెట్టి అడిగి తీసుకుంటే, అది మీ బండికి పనికిరాలేదని ఈ సెక్షన్ కింద సాధారణంగా అడగలేరు. మీరు బ్రాండు పేరు చెప్పలేదు. బండి వాళ్ల ఎదుటే ఉంది, ప్రత్యామ్నాయం వాళ్లే చూపించారు, పోసింది కూడా వాళ్ల మనిషే. ఇవన్నీ మీకు అనుకూలం. మెకానిక్ పోశాడు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని కూడా అడగవచ్చు.

ఇక పుస్తకంలోని పట్టిక. 10డబ్ల్యు-30 అన్నది ఆయిల్ చిక్కదనం మాత్రమే. అదే వరుసలో సాధారణంగా మరో రెండు మాటలుంటాయి: 'ఏపీఐ ఎస్‌ఎల్ లేదా అంతకు పైది', 'జాసో ఎంఏ' లేదా 'ఎంఏ2'. మొదటిది నాణ్యత స్థాయి. ఎస్‌ఎల్ అడిగిన చోట ఎస్‌ఎన్ ఇస్తే తప్పులేదు, అది పై మెట్టే. జాసో గుర్తుకు ఈ సర్దుబాటు లేదు. గేర్ల బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అవి పట్టు జారకుండా ఉండాలంటే తగినంత ఘర్షణ కావాలి. ఎంఏ ఆయిల్ దాన్ని నిలబెడుతుంది. జాసోలోనే మరో రకమైన ఎంబీ ఆయిల్ ఘర్షణను తగ్గిస్తుంది. గేర్లు లేని స్కూటర్ క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి ఎంబీ హాయిగా సరిపోతుంది. రెండు డబ్బాల మీదా 10డబ్ల్యు-30 అనే ఉంటుంది. తేడా చూడాలంటే డబ్బా తిప్పి, వెనుక లేబుల్‌లో జాసో గుర్తు వెతకాలి.

అలాగని ప్రత్యామ్నాయం ఇవ్వడమే నేరమనుకోకండి. పట్టికలో కంపెనీ ఆయిల్ పేరు పక్కన 'సిఫారసు' అని మాత్రమే ఉండి, గ్రేడు, ఏపీఐ, జాసో మూడూ కలిసే మరో బ్రాండు పోస్తే, ఆ ఒక్క కారణంతో వారంటీ నిరాకరించడాన్ని మీరు గట్టిగా ప్రశ్నించవచ్చు. మీ డబ్బా మీద ఎంబీ అని ఉంటే మాత్రం కంపెనీతో వాదన బలహీనమే. పైగా క్లచ్ ప్లేట్లు అరిగే భాగాలని చాలా వారంటీల్లో ముందే మినహాయిస్తారు. మీ పోరు దుకాణంతోనే పెట్టుకోండి.

ఇప్పుడు సాక్ష్యం. టాప్ గేరులో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతున్నా వేగం పెరగకపోవడమే క్లచ్ జారడానికి గుర్తు. దీన్ని, దాని కారణాన్ని సర్వీస్ సెంటర్ చేత జాబ్ కార్డులో రాయించండి, నోటిమాట చాలదు. ఆయిల్ తీసేటప్పుడు కొంత శుభ్రమైన సీసాలో పట్టి, మూత వేసి తేదీ రాయండి. అవసరమైతే వినియోగదారుల కమిషనే నమూనాను ల్యాబ్‌కు పంపించగలదు. ఖాళీ డబ్బా పారేయకండి. వెనుక లేబుల్, బ్యాచ్ నంబరు ఫోటో తీయండి. బిల్లు మీద 'ఆయిల్ 1 లీటరు' అని మాత్రమే ఉంటే, ఏ ఆయిల్ పోశారో లిఖితపూర్వకంగా చెప్పమని దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. వాళ్లు ఎదురు వాదిస్తారు: లేబుల్ చదవకుండా మీరెందుకు ఒప్పుకున్నారని. పోసింది మెకానిక్ కాబట్టి ఆ వాదన మీ కేసును కొట్టేయదు. పరిహారం కొంత తగ్గే అవకాశం మాత్రం ఉంది.

మొదట ప్లేట్ల ఖర్చు, మళ్లీ పోసిన ఆయిల్ ఖర్చు అడగండి. చాలాసార్లు నోటీసు దశలోనే తెగిపోతుంది. తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఆపై మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. దుకాణం వేరే ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు కాబట్టి రుసుము లేదు. గడువు రెండేళ్లు.