ఆఫీసు లీజు అయిపోతోంది, ఓనరుకు ఏం రాయాలి?

తమ్ముడూ, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మీ ట్యూషన్ సెంటర్ లీజు మార్చి ఆఖరుకి అయిపోతుందని, పైకప్పు కారుతున్నా ఓనరు పట్టించుకోకుండా అద్దె మాత్రం పెంచుతానంటున్నాడని రాశారు. ఫోన్ చేసి మాట్లాడితే సరిపోదా అని అడిగారు. సరిపోదు. ఆ పని నేను చేసి చూశాను.

ఇర్వింగ్‌లో నా మొదటి టాక్స్ ఆఫీసు 1,200 చదరపు అడుగులు. అడుక్కి ఏడాదికి 24 డాలర్లు, అంటే నెలకి 2,400. దాని మీద ప్రాపర్టీ టాక్సు, ఇన్సూరెన్సు, కామన్ ఏరియా ఖర్చులు వేరే. లీజు ముగిసే ముందు మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్లాను. మన ఊళ్లో అలాగే కదా చేస్తాం! ఆయన నవ్వుతూ, కంగారు పడకండి, చూసుకుందాం అన్నాడు. కొత్త కాగితాలు చేతికి వచ్చేసరికి గడువు దాటి రెండు నెలలైంది. ఆ రెండు నెలలకీ అసలు అద్దె ఒకటిన్నర రెట్లు వేసి బిల్లు పంపాడు. గడువు దాటాక కూడా ఉంటే ఇలా ఎక్కువ అద్దె వేసే హోల్డోవర్ అనే క్లాజు నా లీజులోనే ఉంది, నేను చదవలేదు. నెలకి 1,200 చొప్పున 2,400 డాలర్లు పోయాయి. రూపాయల్లో లెక్క వేసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

పైగా ఆ లీజులో నాకు రెన్యువల్ ఆప్షన్ కూడా ఉంది. 180 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే పాత రేటుకే ఇంకో మూడేళ్లు ఉండొచ్చు. ఆ తేదీ ఎప్పుడో దాటిపోయింది. మీ లీజులో అలాంటిది ఉందేమో ముందు చూడండి. ఉంటే ఒక జాగ్రత్త: ఆప్షన్ వాడుకుంటున్నామని చెప్పే నోటీసులో షరతులు పెట్టకూడదు. "రిపేర్లు చేస్తే ఉంటాం" అని రాస్తే అది నోటీసే కాదని ఓనరు వాదించవచ్చు. అందుకే బేరమాడే ఉత్తరం వేరు, ఆప్షన్ నోటీసు వేరు. ఉత్తరం మొదట్లోనే "ఇది ఆప్షన్ నోటీసు కాదు, ఆ హక్కు మాకు అలాగే ఉంటుంది" అని ఒక వాక్యం రాయండి. బేరం ఆ ఆప్షన్ నోటీసు గడువుకి నెల, రెండు నెలల ముందే మొదలుపెట్టండి. మిగతా రూల్స్ లీజు చదివితేనో, లాయరుని అడిగితేనో తెలుస్తాయి.

రెండోసారి నేను బుద్ధిగా ఉత్తరం రాశాను. ఓనరు కొత్త రేటు అడుక్కి 27 అన్నాడు. అదే కాంప్లెక్సులో రెండు గదులవతల ఖాళీ సూట్‌కి 23 అని బోర్డు కట్టి ఉంది. ఆ బోర్డు ఫోటో తీసి జతచేసి, "మేం అయిదేళ్లలో ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు, 23కి మూడేళ్లు ఉంటాం" అని రాశాను. చివరికి 24.50 దగ్గర కుదిరింది. 27తో పోలిస్తే ఏడాదికి 3,000 మిగిలింది. నేను ఖాళీ చేస్తే ఓనరుకి బ్రోకర్ కమీషను, ఖాళీ నెలలు, కొత్తవాళ్ల కోసం పెయింటు, కార్పెటు అన్నీ ఖర్చే. ఆ సంగతి మీరు రాయక్కర్లేదు, ఆయనకి తెలుసు.

రిపేర్ల విషయం అద్దె పేరాలో కలపకండి, వేరే పేరా రాయండి. అద్దె తగ్గించమనేది మన కోరిక. పైకప్పు ఓనరు బాధ్యత అని లీజులో ఉంటే అది కోరిక కాదు, ఆయన చేయాల్సిన పని. రెండూ కలిపితే పైకప్పు బాగుచేయడం కూడా మనకి చేసిన ఉపకారంలా లెక్క కడతాడు. "ఫలానా తేదీన, వెనక గదిలో కిటికీ పైన, మూడో సీలింగ్ పలక తడిసింది, మెయిల్ పెట్టాం, ఎవరూ రాలేదు" అని రాసి, లీజు సెక్షన్ నంబరు వేయండి. "కొత్త లీజు మీద సంతకానికి ముందే పూర్తవ్వాలి, లేదా ఏ తేదీకి పూర్తవుతుందో ఆ లీజులోనే రాయాలి" అనండి.

ఏసీ గురించి మాత్రం తొందరపడకండి. నేను అదీ ఓనరు మీద వేశాను. మూడు నెలలకోసారి సర్వీసు చేయించాల్సింది మీరే, రసీదులేవీ అని అడిగాడు. నా దగ్గర ఒక్కటీ లేదు. కంప్రెసర్ నా డబ్బుతోనే మార్పించుకున్నాను.

కోపమొచ్చి అద్దె ఆపేస్తానని మాత్రం రాయకండి. ఇళ్ల అద్దెకి ఉండే రక్షణలు ఆఫీసు అద్దెకి చాలావరకు ఉండవు. అద్దె ఆపితే లీజు తప్పింది మీరే అవుతారు, ఓనరు తాళాలు మార్చేదాకా పోవచ్చు.

ఉత్తరం లీజులో నోటీసుల కోసం ఇచ్చిన అడ్రసుకి సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం తిరిగొచ్చేలా పంపండి. ఈమెయిల్ కాపీ అదనం. అలా సంతకంతో నాకు తిరిగొచ్చిన ఆకుపచ్చ రసీదు కార్డు ఇప్పటికీ లీజు ఫైలులోనే ఉంది. మా ఆవిడ పారేద్దామన్నా పారెయ్యనివ్వలేదు.