‘ఉరిశిక్ష ఖరారు’ ఎప్పుడు రాయాలె?

సందేహం: సార్, 2019ల మా హనుమకొండ పసిపాప కేసుల వరంగల్ కోర్టు తీర్పు చెప్పిన్నాడు అందరు ‘ఉరిశిక్ష ఖరారైంది’ అన్నరు. మూడు నెలలకు ‘ఉరిశిక్ష రద్దు’ అన్నరు. ఖరారైంది రద్దెట్ల అయితది? ‘క్షమాభిక్ష’ అంటే విడిచిపెట్టుడేనా? ‘అరుదైన నేరం’ అని రాస్తే సరిపోతదా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీకు చిక్కు వచ్చింది ‘ఖరారు’ దగ్గర. తేలిపోయింది, ఇక కదలదు అనుకున్నప్పుడే మనం ఆ మాట వాడతాం. పెండ్లి ముహూర్తమైనా, భూమి బేరమైనా ఖరారైందంటే మాట అయిపోయినట్టే. మీ వరంగల్ కోర్టు లాంటి సెషన్స్ కోర్టు చెప్పిన మరణశిక్ష అట్లా అయిపోయేది కాదు. హైకోర్టు ఒప్పుకునేదాకా దాన్ని అమలు చేయడానికి వీల్లేదని చట్టమే చెబుతున్నది. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో ఇది 366వ సెక్షన్. ఇప్పుడున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 407.

కాబట్టి తీర్పు చెప్పిన సెషన్స్ జడ్జి రికార్డు మొత్తం తానే హైకోర్టుకు పంపించాలి. దోషి అప్పీలు చేసుకున్నాడా లేదా అన్నదానితో పని లేదు. అతను నోరు మెదపకపోయినా ఫైలు పోవాల్సిందే. మన హైకోర్టులో ఆ ఫైలును ‘రిఫర్డ్ ట్రయల్’ అంటారు. ఇద్దరు జడ్జీల బెంచి కూర్చుని సాక్ష్యాలను మొదటి నుంచీ తూచి చూస్తుంది. కావాలనుకుంటే కొత్త సాక్ష్యం తీసుకుంటుంది. శిక్షను నిలబెట్టవచ్చు, తగ్గించవచ్చు, మళ్లీ విచారణ జరపమనవచ్చు, నిర్దోషి అని వదిలేయనూ వచ్చు. ఇన్ని దారులు తెరిచి ఉన్న దశలో ‘ఖరారు’ అని రాస్తే చదివేవాళ్లకు తప్పు కబురు చెప్పినట్టే. సెషన్స్ కోర్టు మరణశిక్ష ‘విధించింది’ అనాలి. హైకోర్టు ‘ధ్రువీకరించింది’ లేదా ‘ఖరారు చేసింది’ అనాలి. ఆపైన సుప్రీంకోర్టు కూడా అదే మాట చెబితే ‘సమర్థించింది’ అనాలి.

మీరు అడిగిన కేసునే తీసుకుందాం. 2019 జూన్‌లో ఘోరం జరిగింది. రెండు నెలలు తిరగకుండా, ఆగస్టులో, వరంగల్ కోర్టు మరణశిక్ష విధించింది. తొమ్మిది నెలల పసికందు విషయంలో ఊరంతా రగిలిపోయిన రోజులవి. ‘ఖరారు’ అన్న మాట జనం నోట ఎందుకు వచ్చిందో నాకు అర్థమవుతుంది. నవంబరులో హైకోర్టు నిందితుడు దోషి అన్న నిర్ణయాన్ని అట్లాగే ఉంచి శిక్షను మాత్రం మార్చింది. చివరి శ్వాస దాకా జైలులోనే ఉండాలన్నది. దీన్ని ‘ఉరిశిక్ష రద్దు’ అని ఒక్క ముక్కలో చెబితే సగం మంది అతన్ని వదిలేశారని అనుకుంటారు. ‘ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చిన హైకోర్టు’ అని రాస్తే ఆ ప్రమాదం లేదు.

ఇక్కడ ‘యావజ్జీవం’ గురించి కూడా ఒక మాట చెప్పాలి. యావజ్జీవమంటే పద్నాలుగేండ్లే కదా అని మన దగ్గర చాలామంది నమ్ముతారు. చట్టంలో ఆ మాటకు బతికినంత కాలం అనే అర్థం. మరణశిక్ష కూడా పడగల నేరాల్లో, కనీసం 14 ఏండ్లు జైలులో గడిచేదాకా ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చేయరాదన్న కట్టుబాటు ఒకటుంది. జనం నోట అదే శిక్షాకాలం అయి కూర్చున్నది. ‘చివరి శ్వాస దాకా’ అని కోర్టు విడిగా చెప్పేది ఆ విడుదల దారిని మూయడానికే. అందుకే అట్లాంటి తీర్పు వచ్చినప్పుడు ఒట్టి ‘యావజ్జీవం’ చాలదు, ఆ మాట కూడా రాయాలి.

‘అరుదైన నేరం’ సరిపోదు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన గీటురాయి ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసు’. అక్కడ అరుదు అన్నది నేరానికి అంటుకున్న విశేషణం కాదు, కేసు మొత్తానికి చెందింది. హత్యకు యావజ్జీవమే మామూలు శిక్ష, మరణశిక్ష మినహాయింపు. ఆ మినహాయింపులోకి పోవాలంటే నేరం ఎంత క్రూరమైనదో చూసి ఊరుకుంటే చాలదు, చేసిన మనిషినీ చూడాలి. అతని వయసేమిటి, వెనుకటి నడత ఏమిటి, మారే అవకాశం ఉన్నదా అని తరచి, యావజ్జీవం ఏ రకంగానూ చాలదని తేలిన తర్వాతే ఆ శిక్ష. నేరం ఎంత ఘోరమైనదైనా కేసు ఆ గీత దాటకపోవచ్చు. ‘అరుదైన నేరం’ అని రాసినప్పుడు తూకంలో మనిషి వైపున్న పళ్లెం మాయమవుతుంది.

సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసినాక రివ్యూ పిటిషన్ ఉంటుంది. దాన్ని కొందరు ‘పునర్విచారణ’ అని రాస్తారు, అది తప్పు. పునర్విచారణ అంటే సాక్షులను మళ్లీ బోనెక్కించడం. రివ్యూలో కోర్టు తన తీర్పులో పొరపాటు ఉన్నదా అని మాత్రమే చూసుకుంటుంది. కనుక ‘పునఃసమీక్ష’ అనాలి. మరణశిక్ష కేసుల్లో రివ్యూను బహిరంగ కోర్టులో, లాయర్ల వాదన విని, కనీసం ముగ్గురు జడ్జీలు తేల్చాలని 2014లో తీర్పు వచ్చింది. రివ్యూ కూడా పోతే, తీర్పును సరిదిద్దమని ఆఖరుగా అడిగే క్యూరేటివ్ పిటిషన్ ఉంటుంది. అది 2002లో సుప్రీంకోర్టు తానే తెరిచిన దారి. దానికి జనంలో నలిగిన తెలుగు మాట పుట్టలేదు. బలవంతంగా ఒకటి అల్లడం కన్నా ఆ పేరునే ఉంచడం మేలు.

ఇక క్షమాభిక్ష. రాజ్యాంగంలో రాష్ట్రపతికి 72వ అధికరణం, గవర్నర్‌కు 161వ అధికరణం ఇచ్చిన అధికారం ఇది. ఇందులో పూర్తిగా క్షమించడం ఒక భాగమే. శిక్షను తగ్గించడం, మార్చడం, కొంతకాలం ఆపడం కూడా ఇందులోవే. చిలకలూరిపేట బస్సు దహనం కేసు చూడండి. 1993లో 23 మంది కాలిపోయిన ఘటన అది. ఇద్దరికి పడ్డ ఉరిశిక్ష సుప్రీంకోర్టు దాకా నిలిచింది. మొదటి క్షమాభిక్ష అర్జీ తిరస్కరణకు గురైంది. రెండోసారి పెట్టుకున్నప్పుడు, 1998లో, రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. ఉరి తప్పింది, జైలు తప్పలేదు. కాబట్టి అర్జీని ‘క్షమాభిక్ష పిటిషన్’ అనడంలో దోషం లేదు, అడిగేది అదే. దొరికింది ఏమిటో మాత్రం విడమరిచి ‘రాష్ట్రపతి ఉరిని యావజ్జీవంగా మార్చారు’ అని రాయాలి. ‘రాష్ట్రపతి క్షమించారు’ అని రాస్తే జరగనిది చెప్పినట్టు. రాష్ట్రపతి ఈ విషయంలో కేంద్ర మంత్రిమండలి సలహా మేరకే నడుచుకుంటారన్నదీ గుర్తుంచుకోవాలి.

అర్జీ తిరస్కరించినా ‘అన్ని దారులూ మూసుకుపోయాయి’ అని తొందరపడి రాయొద్దు. విపరీతమైన ఆలస్యం జరిగిందని మళ్లీ కోర్టుకు పోవచ్చు. ఆ కారణంతోనే 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో పలువురి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. తిరస్కరించిన సంగతి ఖైదీకి తెలిపినాక కనీసం 14 రోజుల గడువు ఉండాలని ఆ తీర్పే చెప్పింది. చివరకు సెషన్స్ కోర్టు డెత్ వారెంట్ ఇస్తుంది. అందులో తేదీ, సమయం ఉంటాయి. అప్పుడు కూడా ‘ఉరి తేదీ ఖరారు’ కన్నా ‘డెత్ వారెంట్ జారీ’ అనేదే పదిలం. నిర్భయ కేసులో 2020 జనవరి 22న, ఫిబ్రవరి 1న, మార్చి 3న అని మూడు తేదీలు పడి మూడూ వాయిదా పడ్డాయి. అమలైంది మార్చి 20న, నాలుగో వారెంట్ మీద.