‘ఇంకా బాగా రాయి’ అంటే చాట్‌బాట్‌కు ఏమీ అర్థం కాదు

ప్రశ్న: మేడం, ఈసారి మాకు కరెంటు బిల్లు బాగా ఎక్కువొచ్చింది. ఏఈ గారికి ఇవ్వడానికి చాట్‌బాట్‌తో లెటర్ రాయించాను. ఎవరో ఎవరికో రాసినట్టుంది. ‘ఇంకా బాగా రాయి’ అని పదిసార్లు చెప్పినా అంతే. అసలు దాన్ని ఎలా అడగాలి? (తెలంగాణ నుంచి ఒక గృహిణి. బిల్లు వివరాలు కూడా పంపారు.)

జవాబు: తహసీల్దార్ ఆఫీసు బయట చెట్టు కింద అర్జీలు రాసిపెట్టే వాళ్లను చూసే ఉంటారు. పెన్ను తీసే ముందే వాళ్లు ప్రశ్నలు మొదలుపెడతారు. ఎవరికివ్వాలి? ఎప్పట్నుంచి? మీ దగ్గర కాగితాలేమున్నాయి? చివరికి మీకేం కావాలి? చాట్‌బాట్ చాలాసార్లు ఇవేవీ అడగదు, నేరుగా రాసేస్తుంది. మీరు చెప్పని చోటల్లా లోకంలో అందరూ రాసే మాటలు పెట్టి నింపుతుంది. అందుకే ఆ ఉత్తరం ఎవరి బిల్లుకైనా సరిపోతుంది, మీ బిల్లుకు తప్ప. ఈ వారం ఇలాంటి ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి. ఒకరిది సెలవు చీటీ, ఒకరిది సొసైటీకి ఫిర్యాదు, జబ్బు మాత్రం ఒక్కటే.

చెప్పాల్సినవి నాలుగు: సందర్భం, పాత్ర, పని, రూపం. నాలుగూ సమానం కావు. సగానికి పైగా బరువు సందర్భం మీదే ఉంటుంది.

మీరు చాట్‌బాట్‌కు ‘బిల్లు ఎక్కువొచ్చింది’ అని మాత్రమే చెప్పారు. నాకు పంపిన వివరాల్లో దానికి చెప్పని సంగతి ఒకటుంది: ఎప్పుడూ 30 రోజులకు తీసే రీడింగ్ ఈసారి 43 రోజులకు తీశారు. మామూలుగా 165 నుంచి 180 యూనిట్లు వచ్చేది 248 అయింది. 248ని 43తో భాగించి 30తో గుణిస్తే 173 వస్తుంది. అంటే మీ వాడకం పెరగలేదు, రోజులు పెరిగాయి. గృహజ్యోతిలో జీరో బిల్లుకు హద్దు 200 యూనిట్లు కాబట్టి ఆ 13 రోజులే మిమ్మల్ని అవతలికి నెట్టాయి. ఫిర్యాదుకు ప్రాణం ఈ లెక్కే. అది తెలియని చాట్‌బాట్ ‘మీటరు లోపం ఉండవచ్చు, పరిశీలించగలరు’ అని రాసింది. మీటరు పరీక్షిస్తే బాగానే ఉందని తేలుతుంది, మీ అర్జీ అక్కడితో ముగిసిపోతుంది. లెక్క కూడా మీరే క్యాలిక్యులేటర్ మీద చేసి ఇవ్వండి. చాట్‌బాట్లు లెక్కల్లో ఒక్కోసారి తడబడుతుంటాయి.

పాత్ర విషయంలో చాలామంది పొరపడుతున్నారు. ‘నువ్వు పాతికేళ్ల అనుభవమున్న హైకోర్టు లాయర్‌వి’ అన్నంత మాత్రాన దానికి కొత్తగా చట్టం తెలిసిపోదు. మారేది గొంతు. తప్పును కూడా లాయరు ధీమాతో చెప్తుంది, సెక్షన్ నంబర్లు కల్పించి మరీ చెప్తుంది. మీ పనికి ‘ఆఫీసులకు అర్జీలు రాసిపెట్టే మనిషిలా రాయి’ అంటే చాలు. దానికన్నా చదివేదెవరో చెప్పడం ముఖ్యం: రోజుకు ఎన్నో కాగితాలు చూసే ఏఈ గారు, మొదటి నాలుగు వాక్యాల్లోనే విషయం తెలియాలి.

పని అంటే ‘లెటర్ రాయి’ అని కాదు, ఆ లెటర్‌తో ఏం జరగాలో చెప్పడం. బిల్లును 30 రోజుల లెక్కకు సవరించమని అడగాలి, అంతే. దాంతోపాటు మీటరు టెస్టింగ్, నష్టపరిహారం, క్షమాపణ అన్నీ కలిపితే అసలు కోరిక మరుగున పడుతుంది.

రూపం దగ్గర తెలుగు వాళ్లకు అదనపు బాధ ఒకటుంది. ఊరికే వదిలేస్తే ‘విద్యుత్ వినియోగ మాపకము’ లాంటి మాటలు దొర్లిస్తుంది. వాడుక భాషలో రాయమని, మీటర్, రీడింగ్, యూనిట్ అనే మాటలు అలాగే ఉంచమని, ఒక పేజీ దాటొద్దని చెప్పండి.

అన్నీ కలిపితే ఇలా ఉంటుంది:

“ఆఫీసులకు అర్జీలు రాసిపెట్టే మనిషిలా రాయి. మా ఇంటి మీటర్ రీడింగ్ ప్రతినెలా 30 రోజులకు తీసేవారు, ఈసారి 43 రోజులకు తీశారు. గత ఆరు నెలల్లో 165 నుంచి 180 యూనిట్లు వచ్చాయి, ఈసారి 248. 30 రోజులకు లెక్కిస్తే 173 అవుతుంది. 200 దాటడంతో జీరో బిల్లు పోయింది. బిల్లును 30 రోజుల లెక్కకు సవరించాలని ఏఈ గారికి తెలుగులో అర్జీ రాయి. వాడుక భాష, ఒక పేజీ లోపు, మొదటి పేరాలోనే కోరిక ఉండాలి. పేరు, అడ్రసు, సర్వీసు నంబరు దగ్గర ఖాళీ గీత వదులు. నేను చెప్పని విషయం, సెక్షన్ నంబరు ఏదీ చేర్చకు. ఇంకేమైనా తెలియాలంటే రాసే ముందు నన్ను అడుగు.”

పాత చాట్‌లోనే దీన్ని అతికించకండి, కొత్తది తెరవండి. పాత దాంట్లో మీరు కాదన్న పది ఉత్తరాలూ అలాగే ఉంటాయి. కొత్తగా రాసేటప్పుడు అవన్నీ మళ్లీ దాని లెక్కలోకి వస్తాయి. ఉత్తరం వచ్చాక ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి, ‘ఇది నేను చెప్పానా?’ అని చూసుకోండి. ‘ఇదివరకే పలుమార్లు విన్నవించాము’ అని ఉంటే కొట్టేయండి. మీరు విన్నవించలేదు.

ఇక నన్ను నిజంగా భయపెట్టేది ఆ ఖాళీ గీతల సంగతి. సందర్భం ఇవ్వమన్నానని చాలామంది బిల్లు ఫొటోనే ఎక్కించేస్తున్నారు. అందులో పేరు, ఇంటి నంబరు, సర్వీసు నంబరు అన్నీ ఉంటాయి. ఇంకొందరు ఆధార్ కూడా జత చేస్తున్నారు. ‘ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అనే మోసపు మెసేజ్‌లు మనకు కొత్త కాదు. మీ సర్వీసు నంబరు, బాకీ మొత్తం సరిగ్గా చెప్పి అడిగేవాడిని నమ్మకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి. చాట్‌లో రాసింది కంపెనీ సర్వర్లకు చేరుతుంది. చాలా సేవల్లో మీరు సెట్టింగ్స్‌లో ఆపకపోతే దాన్ని తర్వాతి మోడళ్లకు నేర్పడానికి వాడుకుంటారు. 2025లో జనం షేర్ చేసిన చాట్లు సెర్చ్ ఇంజిన్లలో కనిపించాయి కూడా. ఉత్తరం మరదలికి చూపించాలంటే షేర్ లింక్ పంపకండి, ఆ మాటలు మాత్రమే కాపీ చేసి పంపండి.

ఈ యాప్‌లు తయారుచేసే వాళ్ల మీద నాకు కోపం ఇక్కడే. ఫొటో ఎక్కించే గుర్తు బొటనవేలి కిందే పెడతారు. ‘నా మాటలతో మోడల్‌కు నేర్పొద్దు’ అనే స్విచ్ మాత్రం మూడు మెనూల లోపల దాస్తారు. ఇప్పుడు అప్‌డేట్ పేరుతో కీబోర్డులోకీ, మెసేజ్‌లలోకీ, చివరికి ఫోన్ ఆపే బటన్‌లోకీ చాట్‌బాట్‌ను దూరుస్తున్నారు. మా అత్తగారు ఫోన్ ఆఫ్ చేద్దామని బటన్ నొక్కి పట్టుకుంటే అది ‘ఏం కావాలి?’ అని అడుగుతోంది. ఆధార్ నంబరు కనబడగానే ‘ఇది అవసరమా?’ అని ఒక్క మాట అడిగే ఏర్పాటు చేయడం వీళ్లకు అంత కష్టమా?

పేరు, అడ్రసు, సర్వీసు నంబరు ప్రింట్ తీశాక పెన్నుతో నింపండి. గత ఆరు నెలల బిల్లుల జిరాక్సులు జత చేయండి, రెండో కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోండి. ఏఈ ఆఫీసులో పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. దానికి రాసేటప్పుడు మళ్లీ కొత్త చాట్ తెరిచి, చదివేవారు మారారని, మొదటి అర్జీ ఇచ్చిన తేదీ ఫలానా అని చెప్పండి. అక్కడా నంబర్ల చోట ఖాళీ గీతే.